చెంపల మీద పాలిపోయిన మచ్చలు: రంగు తనంతట తానే ఎలా తిరిగొస్తుంది?

భద్రాచలం నుంచి చింతూరు, కుంట, సుక్మా మీదుగా జగదల్‌పుర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి మీద తోంగ్‌పాల్ అనే చిన్న ఊరు వస్తుంది. పాత బస్తర్ జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం 2012 నుంచి సుక్మా జిల్లాలో ఉంది. ఇలాంటి ఊళ్లలోనూ, ఆ రోడ్డు చివరన ఉన్న తెలుగు జిల్లాల్లోనూ బడి పిల్లల ముఖాలను దగ్గరగా చూస్తే కొందరి చెంపల మీద గుండ్రంగా, పొడిగా, చుట్టూ ఉన్న చర్మం కంటే కాస్త పాలిపోయిన మచ్చలు కనిపిస్తాయి. చలికాలంలో అంతగా పట్టించుకోని ఈ మచ్చలు ఎండలు ముదిరే కొద్దీ స్పష్టమవుతాయి. అప్పుడు తల్లిదండ్రులకు భయం పట్టుకుంటుంది. ఇది బొల్లి అవుతుందా, కుష్టు అవుతుందా అన్నది మొదటి ప్రశ్న. ఏ పూత మందు రాస్తే త్వరగా పోతుంది అన్నది రెండో ప్రశ్న.

వీటిలో చాలా మచ్చలకు వైద్యులు పెట్టిన పేరు పిటిరియాసిస్ ఆల్బా. ఇది అంటుకోదు, శాశ్వతంగా మిగలదు, బలమైన మందు అడగదు. ఎందుకు అడగదో అర్థం కావాలంటే చర్మానికి రంగు ఎలా వస్తుందో, ఈ మచ్చలో అది ఎక్కడ ఆగిపోతుందో చూడాలి. ఇది కుష్టు కాదని ఎలా తేల్చుకోవాలన్నది బస్తర్‌లో అంతకంటే ముఖ్యమైన విషయం.

తవుడు రాలే మచ్చ

గ్రీకు భాషలో పిటిరాన్ అంటే తవుడు. లాటిన్‌లో ఆల్బా అంటే తెలుపు. మచ్చ మీద వేలితో మెల్లగా గీరితే తవుడులాంటి సన్నని పొట్టు రాలుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఎక్కువగా 3 నుంచి 16 ఏళ్ల మధ్య పిల్లల్లో కనిపిస్తుంది. చెంపలు, నుదురు, గడ్డం, నోటి చుట్టుపక్కల, కొందరిలో మెడ, భుజాల కింద చేతుల మీద వస్తుంది. ఒక్కో మచ్చ ఒకటి నుంచి నాలుగు సెంటీమీటర్ల వరకు ఉంటుంది. అంచు గీత గీసినట్లు ఉండదు. మచ్చ ఎక్కడ ముగిసి మామూలు చర్మం ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం.

మచ్చ మూడు దశల్లో నడుస్తుంది. మొదట ఆ చోట లేత ఎరుపు, కాస్త గరుకుదనం వస్తాయి. చామనఛాయ, నలుపు చర్మం మీద ఆ ఎరుపు కంటికి ఆనదు కాబట్టి ఈ దశను ఎవరూ గమనించరు. తర్వాత ఎరుపు తగ్గి, పొట్టు రాలుతూ రంగు పాలిపోతుంది. చివరికి పొట్టు కూడా పోయి, నున్నటి పాలిపోయిన మచ్చ మాత్రమే మిగులుతుంది. ఇంట్లోవాళ్లు సాధారణంగా రెండో దశలోనో మూడో దశలోనో చూస్తారు. అంటే భయం మొదలయ్యేసరికి అసలు వాపు చల్లారే దారిలో ఉంటుంది.

మొదట వచ్చే ఆ ఎరుపు చాలా తేలికపాటి ఎగ్జిమా. చర్మం పొడిబారే స్వభావం ఉన్న పిల్లల్లోనూ, ఉబ్బసం, తరచూ తుమ్ములు, మోచేతుల మడతల్లో దురద ఉన్న కుటుంబాల పిల్లల్లోనూ ఇది ఎక్కువ. అయితే అవేవీ లేని పిల్లలకు కూడా వస్తుంది. పసితనం దాటాక యౌవనం మొదలయ్యే వరకు ముఖం మీద నూనె గ్రంథులు పెద్దగా పని చేయవు. అందుకే ఆ వయసు పిల్లల చెంపలు చలిగాలికి, ఎండకు, గాఢమైన సబ్బుకు తొందరగా పొడిబారతాయి. పదమూడు, పద్నాలుగేళ్లకు ముఖం జిడ్డుగా మారడం మొదలయ్యాక ఈ మచ్చలు అరుదవుతాయి.

రంగు కణాలు చావలేదు, పని తగ్గించాయి

చర్మం పై పొర అడుగున మెలనోసైట్లు అనే రంగు కణాలు ఉంటాయి. అవి మెలనిన్ అనే రంగు పదార్థాన్ని చిన్న చిన్న పొట్లాలుగా తయారు చేస్తాయి. ఒక్కో రంగు కణానికి చెట్టు కొమ్మల్లాంటి చేతులు ఉంటాయి. వాటితో అది తన చుట్టూ ఉన్న ముప్పై, నలభై మామూలు చర్మ కణాలకు ఆ పొట్లాలను అందిస్తుంది. రంగు నింపుకున్న ఆ కణాలు అడుగు నుంచి మెల్లగా పైకి జరుగుతూ, చివరికి పొట్టుగా రాలిపోతాయి. అడుగున పుట్టిన కణం పైకి చేరి రాలడానికి సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చర్మం రంగు గోడకు ఒకసారి వేసిన సున్నం లాంటిది కాదు. అది రోజూ అడుగు నుంచి సరఫరా అవుతూ, పై నుంచి రాలిపోతూ ఉండే పదార్థం.

తేలికపాటి వాపు వచ్చిన చోట ఈ సరఫరా తగ్గుతుంది. అక్కడి చర్మాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలించినప్పుడు మెలనిన్ తక్కువగా, రంగు పొట్లాలు చిన్నవిగా, కొద్దిగా కనిపించాయి. చురుకుగా పని చేసే రంగు కణాలు కూడా తగ్గాయి. కానీ అవి పూర్తిగా మాయం కాలేదు. బొల్లికీ దీనికీ అసలు తేడా ఇదే. బొల్లిలో రంగు కణాలే నాశనమవుతాయి కాబట్టి ఆ చోటు పాలలా, సుద్దలా తెల్లబడుతుంది. పిటిరియాసిస్ ఆల్బాలో కార్ఖానా మూతపడలేదు, పని మాత్రమే మందగించింది. అందుకే మచ్చ తెల్లగా కాక పాలిపోయి మాత్రమే కనిపిస్తుంది.

వాపు చల్లారితే కార్ఖానా మళ్లీ నడుస్తుంది. అయితే రంగు ఆ రోజే బయట కనబడదు. కొత్తగా రంగు నింపుకున్న కణాలు అడుగు నుంచి పైకి రావాలి. వాటి వెనుక మరో వరుస, దాని వెనుక ఇంకో వరుస రావాలి. రంగు కణాలు కూడా ఒక్కరోజులో పాత వేగాన్ని అందుకోవు. అందువల్ల పొట్టు కొద్ది వారాల్లో పోయినా, రంగు సమం కావడానికి నెలలు పడుతుంది. కొందరిలో ఏడాది దాటుతుంది. ఈ ఆలస్యం జబ్బు ముదిరిందనడానికి గుర్తు కాదు, చర్మం తన లెక్క ప్రకారం నడుస్తోందని అర్థం. ఏ పూత మందూ ఈ ప్రయాణాన్ని పది రోజులకు కుదించలేదు.

ఎండలో ఎందుకు కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది?

బస్తర్‌లో చలికాలపు గాలి పొడిగా ఉంటుంది. పిల్లల చెంపలు ఆ గాలికి పగులుతాయి, అప్పుడే మచ్చకు బీజం పడుతుంది. కానీ చాలామంది దాన్ని మార్చి, ఏప్రిల్ నెలల్లో గమనిస్తారు. ఎండ తగిలినప్పుడు మామూలు చర్మంలోని రంగు కణాలు మెలనిన్ తయారీ పెంచుతాయి, చర్మం నల్లబడుతుంది. మచ్చలోని కణాలు అంత పెంచలేవు. కాబట్టి మచ్చ ఉన్నచోటే ఉన్నా చుట్టుపక్కల చర్మం ముదురు రంగుకు మారి, వాటి మధ్య తేడా పెరుగుతుంది. మచ్చ పెద్దదైందని, తెల్లబడిందని ఇంట్లోవాళ్లకు అనిపించడానికి చాలాసార్లు ఇదే కారణం. చర్మం రంగు ముదురుగా ఉన్న పిల్లల్లో ఈ మచ్చలు ఎక్కువగా బయటపడటానికి కూడా ఇదే కారణం.

పొడి పొట్టు కూడా తెల్లదనాన్ని పెంచుతుంది. పొట్టు ముక్కల మధ్య గాలి చేరుతుంది. వాటి మీద పడిన వెలుతురు అన్ని దిక్కులకూ చెదిరిపోయి తెల్లగా కనిపిస్తుంది. గరుకు అద్దం పొడిగా ఉన్నప్పుడు తెల్లగా ఉండి, తడిపితే పారదర్శకంగా మారడం కూడా ఇలాంటిదే. ఈ సంగతిని ఇంట్లోనే చూడవచ్చు. మచ్చ మీద కొద్దిగా వ్యాజిలిన్ రాస్తే, నిమిషంలో కొంత తెల్లదనం తగ్గినట్లు కనిపిస్తుంది. అలా తగ్గింది పొట్టు వల్ల వచ్చిన తెలుపు. రాసిన తర్వాత కూడా మిగిలింది రంగు కొరత వల్ల వచ్చిన పాలిపోవడం. మొదటిది రోజుల్లో పోతుంది, రెండోదానికి నెలలు కావాలి.

ఒక పిల్లవాడి సంగతి

ఈ విషయమంతా ఒక ఉదాహరణతో చూద్దాం. తోంగ్‌పాల్ దగ్గర పల్లెలో ఎనిమిదేళ్ల పిల్లవాడు ఉన్నాడనుకుందాం. ఏటా మిరపకాయలు కోసే రోజుల్లో బస్తర్ నుంచి చాలా కుటుంబాలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చేలకు కూలికి వస్తాయి. ఆ పిల్లవాడి అమ్మానాన్నలు కూడా ఫిబ్రవరిలో వాడిని వెంటబెట్టుకుని వచ్చారు. రెండు నెలలు పిల్లవాడు చేల గట్ల మీద ఎండలో ఆడుకున్నాడు. ఏప్రిల్‌లో ఊరికి తిరిగి వెళ్లేసరికి కుడి చెంప మీద మూడు సెంటీమీటర్ల మచ్చ ఒకటి, ఎడమ చెంప మీద చిన్నవి రెండు, భుజం కింద చేతి మీద ఒకటి తేలాయి. నొప్పి లేదు, దురద పెద్దగా లేదు. గీరితే పొట్టు రాలుతోంది. ఇంట్లో ఎవరికీ కుష్టు లేదు.

దారిలో ఒక మందుల దుకాణంలో అడిగితే మూడు మందులు కలిసిన ట్యూబు ఒకటి చేతికి రావచ్చు. ఊళ్లో అడిగితే కడుపులో పురుగులని, కాల్షియం తక్కువని అనవచ్చు. ఛత్తీస్‌గఢ్‌లో 2002 నుంచి మితానిన్ అనే గ్రామ ఆరోగ్య కార్యకర్తలు పని చేస్తున్నారు. మన దగ్గరి ఆశా కార్యకర్తల వంటివారు వాళ్లు. మితానిన్‌కు చూపిస్తే ఆమెకు మొదట గుర్తుకొచ్చేది కుష్టు. గుర్తుకు రావాలి కూడా.

మొదట తేల్చాల్సింది కుష్టు సంగతి

పది వేల మందికి ఒక రోగి కంటే తక్కువ స్థాయికి రావడంతో, కుష్టు ఇక ప్రజారోగ్య సమస్య కాదని 2005 చివరికి భారతదేశం లెక్క తేల్చింది. అది దేశం మొత్తానికి తీసిన సగటు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఆ గీతకు పైనే ఉన్న కొద్ది రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటి. పిల్లల్లో కుష్టు కనిపించిందంటే వాళ్ల చుట్టుపక్కల చికిత్స అందని రోగి ఉన్నాడని అర్థం. కాబట్టి ఇక్కడ పాలిపోయిన మచ్చను చూడగానే ఇది మామూలే అని పంపేయడం సరికాదు, చూడగానే కుష్టు అని ముద్ర వేయడం అంతకంటే సరికాదు.

కుష్టు మచ్చలో మొదట దెబ్బతినేది నరం. అందుకే ఆరోగ్య కార్యకర్త స్పర్శ చూస్తుంది. పిల్లవాడికి ముందు కళ్లు తెరిచి ఉండగా ఎలా తాకుతుందో చూపించి, ఆ తర్వాత కళ్లు మూయించి, దూది పోగుతోనో బాల్ పెన్ను మొనతోనో మచ్చను, పక్కనున్న మామూలు చర్మాన్ని మార్చి మార్చి మెల్లగా తాకుతుంది. తాకిన చోట వేలు పెట్టి చూపించమంటుంది. మామూలు చర్మం మీద చూపిస్తూ, మచ్చ మీద మళ్లీ మళ్లీ చూపించలేకపోతే అది గట్టి అనుమానం. కుష్టు మచ్చ మీద చెమట పట్టకపోవచ్చు, సన్నని వెంట్రుకలు రాలిపోవచ్చు. మోచేతి వెనుక, మెడ పక్కన, మోకాలి కింద నరాలు తాడులా లావెక్కి చేతికి తగలవచ్చు. పిటిరియాసిస్ ఆల్బాలో ఇవేవీ ఉండవు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ముఖానికి నరాల సరఫరా చాలా దట్టంగా ఉంటుంది. కాబట్టి ముఖం మీది కుష్టు మచ్చలో కూడా స్పర్శ పోయినట్లు తెలియకపోవచ్చు. కుష్టు తొలి దశలో వచ్చే ఒంటరి పాలిపోయిన మచ్చలో స్పర్శ ఎక్కడ ఉన్నా దాదాపు మామూలుగానే ఉండవచ్చు. అందువల్ల చెంప మీద స్పర్శ ఉంది కదా అని అక్కడితో ఆపకూడదు. పిల్లవాడి చొక్కా విప్పించి వెలుతురులో ఒళ్లంతా చూడాలి. వీపు, పిరుదులు, తొడల మీద మచ్చలు ఉంటే వాటి మీద స్పర్శ చూడాలి. ఇంట్లో, పక్కింట్లో ఎవరైనా కుష్టు మందులు వాడారా అని అడగాలి. అనుమానం మిగిలితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుంచి అవసరమైతే జగదల్‌పుర్ మెడికల్ కాలేజీకి పంపాలి.

ఉదాహరణలోని పిల్లవాడికి మచ్చలు రెండు చెంపల మీదా ఉన్నాయి, పొట్టు రాలుతోంది, చేతి మీది మచ్చలో స్పర్శ బాగుంది, నరాలు మామూలుగా ఉన్నాయి, ఒంటి మీద మరెక్కడా మచ్చ లేదు. ఇవన్నీ కలిపి చూస్తే పిటిరియాసిస్ ఆల్బా అని నమ్మకంగా చెప్పవచ్చు. అయినా ఒక పని మిగిలి ఉంది. రెండు, మూడు నెలల తర్వాత మళ్లీ చూపించడానికి రోజు నిర్ణయించాలి. పిటిరియాసిస్ ఆల్బా అయితే అప్పటికి పొట్టు పోయి, తేడా తగ్గుతూ ఉంటుంది. కుష్టు మచ్చ వ్యాజిలిన్‌కు, రుతువుకు లొంగి అలా మారదు. ఈ జబ్బులో కాలం చికిత్సే కాదు, పరీక్ష కూడా.

బొల్లి, శోభి, తామర

మిగతా మూడింటిని వేరు చేయడం ఇంత కష్టం కాదు. బొల్లి మచ్చ అంచు స్పష్టంగా ఉంటుంది, పొట్టు రాలదు, తెలుపు పాలలా ఉంటుంది. చర్మ వైద్యులు చీకటి గదిలో వుడ్స్ దీపం అనే అతినీలలోహిత దీపం వేసి చూస్తారు. బొల్లి మచ్చ ఆ వెలుగులో నీలి తెలుపుగా మెరుస్తుంది, పిటిరియాసిస్ ఆల్బా అలా మెరవదు. శోభి ఒక రకం ఈస్టు వల్ల వస్తుంది. అది యౌవనంలో అడుగుపెట్టినవారిలో, ఛాతీ, వీపు, మెడ మీద చిన్న చిన్న మచ్చలుగా మొదలై ఒకదానితో ఒకటి కలుస్తుంది. తామరలో దురద ఎక్కువ, మచ్చ అంచు ఉంగరంలా లేచి ఉంటుంది, మధ్యభాగం శుభ్రంగా కనిపిస్తుంది. శోభి, తామర అని అనుమానం వస్తే కొంచెం పొట్టు గీరి సూక్ష్మదర్శిని కింద చూస్తే తేలిపోతుంది.

బలమైన మందు ఏం చేస్తుంది?

మందుల దుకాణం ఇచ్చే మూడు మందుల ట్యూబులో సాధారణంగా శిలీంధ్రాన్ని చంపే మందు ఒకటి, బ్యాక్టీరియాను చంపే మందు ఒకటి, క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి గట్టి స్టెరాయిడ్ ఒకటి ఉంటాయి. పిటిరియాసిస్ ఆల్బాలో చంపాల్సిన శిలీంధ్రమూ లేదు, బ్యాక్టీరియా కూడా లేదు. మిగిలింది స్టెరాయిడ్. అది మిగిలి ఉన్న కొంచెం వాపును రెండు మూడు రోజుల్లో అణచేస్తుంది. గరుకుదనం పోతుంది, మందు పని చేసిందనిపిస్తుంది. కానీ రంగు రాదు. రంగు రాలేదని ఇంకా రాస్తారు. అసలు ఇబ్బంది అక్కడ మొదలవుతుంది.

గట్టి స్టెరాయిడ్ పూతకు ఒక దుష్ఫలితం ఉంది. అది రాసిన చోట మెలనిన్ తయారీని తగ్గిస్తుంది. అంటే మచ్చను పోగొట్టడానికి రాసిన మందే మచ్చను ఇంకా పాలిపోయేలా చేస్తుంది, చుట్టుపక్కలకు కూడా పాకిస్తుంది. తెల్లదనం పెరిగిందని మరింత రాస్తారు. ముఖం చర్మం పలచన, పిల్లల చర్మం ఇంకా పలచన. వారాల తరబడి రాస్తే చర్మం సన్నబడి ఎర్రని సన్న రక్తనాళాలు పైకి తేలతాయి, మొటిమల్లాంటి పొక్కులు వస్తాయి, రాయడం ఆపిన వెంటనే మంట, ఎరుపు తిరగబెడతాయి. కంటికి దగ్గరగా చాలాకాలం రాస్తే కంటిలోపలి ఒత్తిడి పెరిగే ప్రమాదం కూడా ఉంది.

ఈ అలవాటు ఎంత విస్తృతమో భారతీయ చర్మ వైద్యులు 2011లో ప్రచురించిన ఒక అధ్యయనం చూపింది. ముఖం మీద చర్మ సమస్యతో వచ్చిన 2,926 మందిని పరిశీలిస్తే, వారిలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ పూతలు వాడుతున్నారని తేలింది. దాదాపు ఏడుగురిలో ఒకరు. కేంద్ర ప్రభుత్వం 2018లో 14 స్టెరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన జాబితాలోకి తెచ్చింది. అయినా చీటీ అడగని చోట జాగ్రత్త కొనేవాళ్లదే. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మోమెటసోన్ వంటి పేర్లు కనిపిస్తే, డాక్టరు చెప్పకుండా పిల్లల ముఖానికి రాయకూడదు.

బస్తర్‌లో మరో నష్టం కూడా ఉంది. మచ్చ తామరది అయితే స్టెరాయిడ్ దాని ఆనవాళ్లను చెరిపేసి లోలోపల పాకనిస్తుంది. కుష్టుది అయితే పూత మందులు రాసుకుంటూ నెలలు గడిచిపోతాయి, ఆ లోపల నరం దెబ్బతింటుంది. పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చు. కుష్టుకు మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, రకాన్ని బట్టి 6 లేదా 12 నెలలు వాడాలి. త్వరగా మొదలుపెడితే వైకల్యం రాదు.

మరి చేయాల్సిందేమిటి?

చేయాల్సింది తక్కువ, కానీ రోజూ చేయాలి. స్నానం చేయించాక ఒంటి తడి పూర్తిగా ఆరకముందే, రెండు మూడు నిమిషాల్లో, చెంపలకు వ్యాజిలిన్ లాంటి పెట్రోలియం జెల్లీ పలచగా రాయాలి. పడుకునే ముందు మరోసారి, గాలి పొడిగా ఉన్న రోజుల్లో మధ్యాహ్నం ఇంకోసారి రాయవచ్చు. జెల్లీ రంగు తీసుకురాదు. అది చర్మంలోని తేమ ఆవిరి కాకుండా పైన మూతలా నిలుస్తుంది. తేమ నిలిస్తే పగుళ్లు మూసుకుంటాయి, వాపు చల్లారుతుంది, రంగు కణాలు తమ పని తాము చేసుకుంటాయి. కొబ్బరి నూనె కూడా పనికొస్తుంది. బస్తర్ ఇళ్లలో ఇప్ప గింజల నూనె ఒంటికి రాసుకునే అలవాటు ఉంది. అది వాడాలనుకుంటే ముందు ముంజేతి మీద రాసి మంట రాకపోతేనే ముఖానికి రాయాలి. ఆవనూనె కొందరి చర్మాన్ని మండిస్తుంది కాబట్టి చెంపలకు వద్దు.

బట్టల సబ్బు, గాఢమైన ఒంటి సబ్బు చెంపలకు తగలనివ్వకూడదు. ముఖానికి మామూలు నీళ్లు చాలు. పొట్టు పోవాలని పీచుతోనో, సున్నిపిండితోనో గట్టిగా రుద్దితే వాపు మళ్లీ మొదలవుతుంది. నిమ్మరసం రాయడం ఇంకా హాని. మధ్యాహ్నపు ఎండలో తలకు, చెంపలకు నీడపడేలా గమ్ఛా చుట్టినా, అంచు ఉన్న టోపీ పెట్టినా చుట్టుపక్కల చర్మం మరీ నల్లబడదు, మచ్చకూ చర్మానికీ తేడా తగ్గుతుంది. కొనగలిగినవాళ్లు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాయవచ్చు.

మచ్చ ఎర్రగా ఉండి దురద పెడుతుంటే, అంటే వాపు ఇంకా చురుకుగా ఉంటే, డాక్టరు అన్నింటికంటే తేలికైన స్టెరాయిడ్ అయిన ఒక శాతం హైడ్రోకార్టిసోన్‌ను కొద్ది రోజుల పాటు ఇవ్వవచ్చు. ఎరుపు తగ్గగానే ఆపేయాలి. మచ్చలు ఎక్కువగా ఉండి ఇబ్బంది పెడితే టాక్రోలిమస్ వంటి స్టెరాయిడ్ కాని పూతలు కూడా ఉన్నాయి. అవి చర్మ వైద్యులు నిర్ణయించాల్సినవి. నున్నగా, పాలిపోయి మాత్రమే మిగిలిన మచ్చకు ఏ స్టెరాయిడ్ వల్లా ప్రయోజనం లేదు. అక్కడ అణచడానికి వాపే లేదు.

పురుగులూ కాల్షియమూ

చెంప మీద తెల్ల మచ్చ అంటే కడుపులో పురుగులని చాలా ఊళ్లలో అంటారు. రెండూ ఒకే వయసు పిల్లల్లో ఎక్కువ కాబట్టి ఈ నమ్మకం నిలిచింది. పురుగుల మందు వేసిన తర్వాత మచ్చ పోయిందని చెప్పేవాళ్లు కూడా ఉంటారు. మచ్చ ఎలాగూ కొన్ని నెలల్లో పోయేదే. ఆ మధ్యలో వేసిన మందుకు ఆ పేరు దక్కుతుంది. కాల్షియం మాత్రల సంగతీ అంతే. ఎముకలకు కాల్షియం కావాలి, చర్మం రంగును తయారు చేసేది మాత్రం మెలనిన్. జాతీయ నులిపురుగుల నివారణ దినాన బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్రను పిల్లలు తప్పక వేసుకోవాలి. అది రక్తహీనత రాకుండా, తిన్న తిండి ఒంటికి పట్టేలా చూస్తుంది. చెంప మీది మచ్చతో దానికి సంబంధం లేదు.

మళ్లీ ఎప్పుడు చూపించాలి?

ఉదాహరణలోని పిల్లవాడికి మే నెలాఖరుకు పొట్టు పోతుంది. వానలు మొదలై గాలిలో తేమ పెరిగి, ఎండ తగ్గాక చుట్టుపక్కల చర్మపు నలుపు కొంత విరుగుతుంది. దసరా నాటికి మచ్చ ఎక్కడుందో తెలిసినవాళ్లకే కనిపించే స్థాయికి రావచ్చు. వచ్చే చలికాలంలో మళ్లీ ఒకటి రెండు మచ్చలు తేలితే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఈ జబ్బు కొన్నేళ్ల పాటు అలా వచ్చి పోతుంటుంది. చలి మొదలయ్యే ముందే జెల్లీ రాయడం మొదలుపెడితే అది తక్కువగా వస్తుంది.

మూడు నెలలకు ఏ మార్పూ లేకపోయినా, మచ్చ అంచు స్పష్టమై పెద్దదవుతున్నా, సుద్దలా తెల్లబడినా, దాని మీద వెంట్రుకలు నెరిసినా, తాకితే తెలియకపోయినా, చేతుల్లో కాళ్లలో తిమ్మిరి ఉన్నా, ఇంట్లో ఎవరికైనా కుష్టు బయటపడినా మచ్చను తిరిగి డాక్టరుకు చూపించాలి. ఇవేవీ లేకపోతే ఆ పిల్లవాడికి కావాల్సింది ఒక డబ్బా వ్యాజిలిన్, తలకు కాస్త నీడ, కొన్ని నెలల ఓపిక.